ఇంట్లో ట్యూషన్ ఫీజు ఎంత పెట్టాలి, రాని రోజులకు తగ్గించాలా: బ్యాచ్ పెట్టేవాళ్ళకు లెక్క

జూన్ వచ్చిందంటే కొత్తగా ట్యూషన్ మొదలుపెట్టేవాళ్ళు నన్ను అడిగేవి రెండే ప్రశ్నలు. "పిల్లకి ఎంత తీసుకోవాలి?" "రాని రోజులకు తగ్గించమంటే ఏం చెప్పాలి?" ఇవి రెండూ వేరు వేరు ప్రశ్నల్లా కనిపిస్తాయి గానీ, మొదటిదాన్ని లెక్క ప్రకారం తేల్చుకుంటే రెండోదానికి జవాబు అందులోనే దొరుకుతుంది.

ఒంగోల్లో మంగమూరు రోడ్డు వైపు, మా ఇంటి ముందుగదిలో పదో తరగతి పిల్లలకు లెక్కలు, సైన్సు చెబుతుంటాను. మొదటి సంవత్సరం ఆరుగురు పిల్లలు, తలా 1,000 రూపాయలు. పక్కవీధిలో అంతే తీసుకుంటున్నారని నేనూ అంతే పెట్టాను. ఆగస్టులో ఒక తల్లి 730 రూపాయలు పంపింది. "మేడమ్, మావాడు ఆరు రోజులు రాలేదుగదా, దానికి తగ్గించి పంపా" అంది. శ్రావణ మాసం, వాళ్ళింట్లో పెళ్ళి. నెలకి 22 క్లాసులు, క్లాసుకి 45 రూపాయలని క్యాలెండర్ మీద లెక్కేసింది. కాదనలేకపోయాను. మరుసటి నెల ఇంకో ముగ్గురు అదే లెక్క పట్టుకొచ్చారు. 6,000 రావలసిన చోట 5,050 వచ్చింది. ఆ నెలలో నేను చెప్పిన గంటలు మాత్రం ఒక్కటీ తగ్గలేదు. ఆరుగురిలో ఒకడు రాకపోయినా మిగతా ఐదుగురికి గంటన్నర చెప్పాల్సిందే కదా.

కింద చెప్పేదంతా ఆ దెబ్బ తర్వాత నేర్చుకున్న పద్ధతి. నాలుగు నుంచి పన్నెండు మంది దాకా ఉండే చిన్న బ్యాచ్‌లకు ఇది సరిపోతుంది.

ముందు దగ్గర పెట్టుకోవలసినవి

ఈ సంవత్సరం క్యాలెండర్, ఒక పొడుగు నోటుబుక్కు, క్యాలిక్యులేటర్ ఉంటే చాలు. మీ పిల్లలు చదివే స్కూళ్ళ సెలవుల జాబితా దొరికితే ఇంకా మంచిది. మీ చుట్టుపక్కల మూడు నాలుగు చోట్ల ఎంత తీసుకుంటున్నారో కూడా కనుక్కోండి. ఆ అంకె ఫీజు పెట్టడానికి కాదు, చివర్లో సరిచూసుకోవడానికి.

ఒక హెచ్చరిక. మీరు స్కూల్లో టీచరుగా పనిచేస్తూ ట్యూషన్ పెట్టాలనుకుంటుంటే, 2009 విద్యాహక్కు చట్టంలో 28వ సెక్షన్ చూడండి. టీచర్లు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదని అందులో ఉంది. ఇక్కడ రాసింది వేరే ఉద్యోగం లేకుండా ఇంట్లో చెప్పుకునేవాళ్ళ కోసం.

1. సంవత్సరం మొత్తంలో క్లాసులు లెక్కపెట్టండి

చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. నెలకి 22 క్లాసులని మనసులో అనుకుని ఫీజు పెట్టేస్తారు. జనవరిలో సంక్రాంతి వచ్చి పన్నెండు క్లాసులే జరిగినప్పుడు తల్లిదండ్రుల ముందు తల దించుకుంటారు.

నా లెక్క చెబుతాను. జూన్ 15 నుంచి మార్చి 15 దాకా తొమ్మిది నెలలు, అంటే 39 వారాలు. సోమవారం నుంచి శుక్రవారం దాకా వారానికి ఐదు క్లాసుల చొప్పున 195. ఇందులోంచి దసరాకి 8, సంక్రాంతికి 6, వినాయకచవితి, దీపావళి, క్రిస్మస్ లాంటి మిగతా సెలవులకు 10 తీసేశాను. వానలకు 5. నాకు జ్వరమొచ్చినా, మా ఇంట్లో శుభకార్యం ఉన్నా వాడుకోవడానికి 6. మొత్తం 35 పోగా 160 మిగిలాయి.

వానలకు ఐదు క్లాసులెందుకని అనుకోకండి. మన ప్రకాశం, నెల్లూరు వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి వారంలో ఏ తల్లీ సాయంత్రం పూట పిల్లల్ని బయటికి పంపదు, పంపకూడదు కూడా. ఏ సంవత్సరమైనా ఇలాంటి రోజులు కొన్ని తప్పవు కాబట్టి ముందే తీసి పక్కన పెట్టాలి.

160ని తొమ్మిదితో భాగిస్తే నెలకి సుమారు 18. మీ నెల ఫీజు ఈ 18 క్లాసులకే. జూలైలో 22 జరగొచ్చు, జనవరిలో 12 జరగొచ్చు. ఫీజు మాత్రం ఏ నెలైనా ఒకటే.

2. మీ గంటలు లెక్కేయండి, చెప్పేవి మాత్రమే కాదు

క్లాసు గంటన్నర అయితే 18 క్లాసులకు 27 గంటలు. పేపర్లు దిద్దడానికి, మర్నాటి లెక్కలు చేసి పెట్టుకోవడానికి క్లాసుకి ఇంకో అరగంట పడుతుంది. అది 9 గంటలు. మొత్తం 36.

ఆ అరగంటని వదిలేసేవాళ్ళే ఎక్కువ. అది ఒట్టి మాట అనిపిస్తే ఒక వారం పాటు గడియారం చూసి రాసుకోండి. నాకైతే పరీక్ష పెట్టిన రోజు గంట దాటేది.

3. గంటకి ఎంత కావాలో నిర్ణయించుకుని, ఖర్చులు కలపండి

నేను గంటకి 250 అనుకున్నాను. మీరు మీ చదువు, అనుభవం, ఆ గంటల్లో ఇంకేం చేసి ఎంత సంపాదించగలరో చూసుకుని పెట్టుకోండి. 36 గంటలకు 9,000. ఫ్యాను, లైట్ల కరెంటు, మార్కర్లు, జెరాక్సులు, తాగునీళ్ళ క్యాన్లు కలిపి నెలకి 900. మొత్తం 9,900. ఈ డబ్బు బ్యాచ్ నుంచి రావాలి. ఒక్కో పిల్ల నుంచి ఎంత అన్నది తర్వాతి అడుగు.

4. సీట్లతో భాగించకండి, నిలబడే పిల్లల సంఖ్యతో భాగించండి

మా ముందుగదిలో తొమ్మిదిమంది కూర్చోగలరు. 9,900ని తొమ్మిదితో భాగిస్తే 1,100 వస్తుంది. చూడ్డానికి బాగుంటుంది, కానీ తొమ్మిదిమందీ తొమ్మిది నెలలూ ఉండరు. ఒకరు హాస్టల్‌కి మారతారు, ఇంకొకరి నాన్నకి బదిలీ అవుతుంది, మరొకరి డబ్బు మార్చికి గానీ రాదు. అందుకని ఎప్పుడూ సీట్ల కన్నా ఇద్దరిని తగ్గించి భాగిస్తాను. 9,900ని ఏడుతో భాగిస్తే 1,414. గుండ్రంగా 1,400 పెట్టాను.

ఏడుగురే ఉంటే 9,800 వస్తుంది. ఖర్చులు పోగా గంటకి 247 పడుతుంది, అంటే అనుకున్నదే. తొమ్మిదిమందీ ఉంటే గంటకి 325. ఐదుగురికి పడిపోతే 169. ఈ మూడో అంకెను కూడా ముందే చూసుకోవాలి. ఐదుగురితో బ్యాచ్ నడపగలరా లేదా అన్నది జూన్‌లోనే తేల్చుకోవాలి గానీ అక్టోబరులో కాదు.

ఇప్పుడు చుట్టుపక్కల ఫీజులు చూడండి. మా వీధుల్లో అప్పుడు 1,200 నుంచి 1,500 దాకా నడుస్తోంది కాబట్టి 1,400 ఇమిడిపోయింది. మీకు 1,400 వచ్చి, అక్కడ 1,000 దాటకపోతే ఏం చేయాలి? వెంటనే ఫీజు తగ్గించేయకండి. వారానికి ఐదు క్లాసులకు బదులు నాలుగు పెట్టి చూడండి. లేదా గదిలో పడితే ఇంకో ఇద్దరిని తీసుకోండి. ఒక సబ్జెక్టు మాత్రమే చెబుతానని గంటకి కుదించినా సరే. గంటల్ని తగ్గించకుండా ఫీజు ఒక్కటే తగ్గిస్తే, ఆ తేడా మీ చేతినుంచి పెట్టుకున్నట్టే.

5. గంటల లెక్క ఎక్కడ పెట్టాలి

బ్యాచ్‌కి గంటల చొప్పున ఫీజు పెట్టకండి. ఒకరు రాకపోతే వాళ్ళ డబ్బు తగ్గుతుంది గానీ మీ పని తగ్గదు. పైగా నెలాఖరున తొమ్మిదిమందికి తొమ్మిది లెక్కలు తేల్చాలి.

పిల్ల ఇంటికి వెళ్ళి ఒక్కరికే చెప్పేటప్పుడు మాత్రం గంటల లెక్కే న్యాయం. ఆ పిల్ల లేకపోతే క్లాసే లేదు గదా. అయితే దారిని కూడా కలుపుకోవాలి. వెళ్ళడానికి పావుగంట, రావడానికి పావుగంట అయితే ఒక గంట చెప్పడానికి మీకు గంటన్నర ఖర్చయింది. గంటకి 250 చొప్పున అది 375, పెట్రోలుతో కలిపి 400. ఎనిమిది గంటల డబ్బు ముందే తీసుకుని, చెప్పిన ప్రతి గంటా చిన్న పుస్తకంలో రాసి ఇంట్లో పెద్దవాళ్ళతో సంతకం పెట్టించండి. మధ్యాహ్నం మూడులోపు రావొద్దని చెబితే ఆ గంట పోదు. గుమ్మం దాకా వెళ్ళాక "పాప పడుకుంది మేడమ్" అంటే ఆ గంట లెక్కలోకి వస్తుంది. ఇది మొదటిరోజే నవ్వుతూ చెప్పేయాలి, తర్వాత చెబితే గొడవలా ఉంటుంది.

6. క్లాసు ఎవరివల్ల తప్పిందో చూసి నిర్ణయించండి

నోటుబుక్కులో ప్రతి పిల్లకీ ఒక వరస గీసి, ప్రతిరోజూ ఒక అక్షరం రాస్తాను. హాజరైతే "హా". పిల్ల రాకపోతే "రా". నేను క్లాసు పెట్టకపోతే "నే". వానవల్ల పోతే "వా". నెలాఖరున వాదన వచ్చినప్పుడు ఈ పేజీ తెరిస్తే చాలు.

*పిల్ల రాకపోతే* ఫీజు తగ్గదు. పెళ్ళైనా, తిరుపతి ప్రయాణమైనా, ఒకటి రెండు రోజుల జ్వరమైనా ఒకటే మాట. నెల ఫీజు ఆ పిల్ల సీటుకి. ఆ సీటు ఇంకొకరికి ఇవ్వకుండా ఉంచాం. తగ్గించను కాబట్టి ఒక సాయం చేస్తాను. శనివారం సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా అనుమానాల గంట. రాని పిల్లలు ఆ రోజు నోట్సు ముందే రాసుకుని వచ్చి, అర్థం కానిది అడగాలి. పాఠం మొత్తం మళ్ళీ చెప్పను. ఇది గట్టిగా పట్టుకోకపోతే శనివారాలు ఆరో క్లాసుగా మారిపోతాయి, నాకు రెండో ఏడు అదే జరిగింది.

మినహాయింపు ఒకటుంది. టైఫాయిడ్, అమ్మవారు పోయడం లాంటివాటితో వరసగా పది క్లాసులు దాటి రాలేకపోతే ఆ నెల సగం ఫీజు తీసుకుంటాను. అమ్మవారు పోసిన పిల్లని రావద్దని చెప్పేది మనమే. ఫీజు పోతుందని జ్వరంతోనే పంపితే తొమ్మిదిమందికీ అంటుకుంటుంది.

*నేను పెట్టకపోతే* ముందు ఆ ఆరు సెలవుల్లోంచి పోతుంది. ఆరూ అయిపోయాక తప్పిన ప్రతి క్లాసూ రెండు వారాల్లోపు ఏదో ఒక శనివారం పెట్టి తీరాలి. రెండు రోజుల ముందు అందరికీ చెబుతాను. చెప్పాక కూడా ఎవరైనా రాకపోతే వాళ్ళకి ఆ క్లాసు జరిగినట్టే. ఆదివారం జోలికి వెళ్ళను, ప్రైవేటు స్కూళ్ళ పిల్లలకు ఆరోజు కూడా పరీక్షలుంటాయి. రెండు వారాల్లో పెట్టలేకపోతే డబ్బు వెనక్కి ఇవ్వాలి. 1,400ని 18తో భాగిస్తే క్లాసుకి 78 రూపాయలు. మరుసటి నెల ఫీజులో అంత తగ్గించి పంపమని మీరే మెసేజ్ పెట్టండి, వాళ్ళు అడిగేదాకా ఆగకండి. మూడేళ్ళలో రెండుసార్లే అలా ఇచ్చాను. కానీ "మీవల్ల పోతే తగ్గించరు, మావల్ల పోతే తగ్గించరు" అన్న మాట మళ్ళీ వినలేదు.

*వానవల్ల పోతే* ఐదు రోజుల దాకా లెక్కలోనే ఉంది. ఆరో రోజు నుంచి శనివారాల్లో సర్దుతాను.

*స్కూలువల్ల పోయేవి* అన్నిటికన్నా చిక్కు. నవంబరు దాటితే పదో తరగతికి స్కూళ్ళు ప్రత్యేక తరగతులని సాయంత్రం ఆరు, ఆరున్నర దాకా ఉంచేస్తాయి. ఆరింటికి మొదలయ్యే మీ బ్యాచ్‌కి నలుగురు సమయానికి, నలుగురు ఏడింటికి వస్తారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళ కోసం మళ్ళీ మొదలుపెడితే ఉన్నవాళ్ళు విసుక్కుంటారు. దీనికి ఫీజులో పరిష్కారం లేదు, టైములోనే ఉంది. నవంబరు మొదటివారంలో ప్రతి పిల్లనీ స్కూలు ఎన్నింటికి వదులుతారో అడిగి రాసుకోండి. ఎక్కువమందికి కుదిరే టైముకి మార్చండి. నేను డిసెంబరు నుంచి ఏడుంపావు నుంచి ఎనిమిదిముప్పావు దాకా పెడతాను. రాత్రి తీసుకెళ్ళడానికి ఇంట్లోవాళ్ళు రాగలరా అన్నది కూడా అప్పుడే అడగాలి, ముఖ్యంగా ఆడపిల్లల ఇళ్ళలో.

7. రాసి పంపండి

నోటిమాటగా చెప్పింది ఆగస్టుకి ఎవరికీ గుర్తుండదు. పిల్ల చేరేరోజే అమ్మకో నాన్నకో వాట్సాప్‌లో ఇలా పంపుతాను:

"నమస్తే అండి. పదో తరగతి లెక్కలు, సైన్సు ట్యూషన్ ఫీజు నెలకి 1,400. జూన్ 15 నుంచి మార్చి 15 దాకా తొమ్మిది నెలల్లో 160 క్లాసులు. పండగలు, వానలు తీసేసి వేసిన లెక్క ఇది, కాబట్టి సెలవులున్న నెలలోనూ ఫీజు అంతే. పాప రాని రోజులకు ఫీజు తగ్గదు, శనివారం 5 గంటలకు అనుమానాలు చెబుతాను. ఆరు క్లాసులకు మించి నేను పెట్టలేకపోతే రెండు వారాల్లో శనివారం పెడతాను, లేదంటే క్లాసుకి 78 చొప్పున తగ్గిస్తాను. వానల సెలవులు ఐదు దాటితే మిగతావి కూడా శనివారాల్లో చెబుతాను. ఫీజు ప్రతి నెలా ఐదో తేదీలోపు పంపగలరు."

"సరే మేడమ్" అని జవాబు వచ్చేదాకా పిల్లని రిజిస్టరులో ఎక్కించను. ఆ ఒక్క మాట ఆ తర్వాత చాలా టెన్షన్ తగ్గిస్తుంది.

నెల మధ్యలో చేరేవాళ్ళకు మిగిలిన క్లాసుల్ని 78తో గుణించండి. తొమ్మిది క్లాసులు మిగిలితే 702, నేను 700 తీసుకుంటాను. అన్నదమ్ములో అక్కచెల్లెళ్ళో ఇద్దరు చేరితే రెండోవారికి 150 తగ్గిస్తాను. అంతకన్నా తగ్గిస్తే ఏడుతో భాగించిన లెక్క తప్పిపోతుంది. ఫీజు పెంచాలంటే జూన్‌లోనే. సగం సంవత్సరంలో పెంచితే పిల్లలు మారిపోతారు.

8. నెలాఖరున సరిచూసుకోండి

చేతికి వచ్చిన డబ్బులోంచి ఖర్చు తీసేసి, నిజంగా పనిచేసిన గంటలతో భాగించండి. జూలైలాంటి నెలలో గంటలు ఎక్కువ కాబట్టి గంటకి తక్కువ పడుతుంది, జనవరిలో ఎక్కువ పడుతుంది. అందుకని ఒక్క నెల చూసి కంగారుపడకుండా మూడు నెలలు కలిపి భాగించండి. అలా చూసినా అనుకున్న 250కి బదులు 200 లోపే వస్తుంటే మూడింటిలో ఏదో ఒకటి జరుగుతోంది. పిల్లలు ఏడుగురికన్నా తగ్గారు, లేదా బకాయిలు పేరుకున్నాయి, లేదా శనివారాల్లో మీరే ఉచితంగా క్లాసులు చెప్పేస్తున్నారు. నోటుబుక్కు చూస్తే ఏదో తెలిసిపోతుంది.

"నే" అక్షరాలు కూడా లెక్కపెట్టండి. దసరాకే నాలుగు దాటితే సంక్రాంతి తర్వాతకి మీకు సెలవు మిగలదు. ఆ లెక్క మీకన్నా ముందే తల్లిదండ్రులు వేసి ఉంటారు.

ఎక్కువమంది అడిగే ఇంకొకటి: పంట డబ్బు మీద ఆధారపడే ఇళ్ళు

టంగుటూరు, కొండపి వైపు నుంచి ఒంగోలు వచ్చి గదులు తీసుకుని పిల్లల్ని చదివించే కుటుంబాలుంటాయి. పొగాకు వేలం మొదలై, బేళ్ళు అమ్ముడుపోతేగాని వాళ్ళ చేతిలో డబ్బు ఉండదు. నెల్లూరు వైపైతే వరి కోతల దాకా అదే పరిస్థితి. వీళ్ళని ఐదో తేదీ అని ఒత్తిడి చేసి లాభం లేదు, అలాగని మార్చిలో అంతా ఒక్కసారి ఇస్తామంటే ఒప్పుకోవడమూ కష్టమే. నెలనెలా 700 ఇచ్చి, మిగతా 700లు మార్చి, ఏప్రిల్‌లో రెండు విడతలుగా ఇవ్వమంటాను. తొమ్మిది నెలలకు ఆ మిగులు 6,300 అవుతుంది. ప్రతినెలా ఎంత ఉందో మెసేజ్ పెడుతుంటాను, లేకపోతే చివర్లో ఆ అంకె చూసి వాళ్ళే బెదిరిపోతారు.

బ్యాచ్‌లో ఇలాంటివాళ్ళు ఇద్దరిని మించి తీసుకోను. నా ఏడుగురి లెక్కలో కూడా వీళ్ళని కలపను, పైన ఉన్న ఆ రెండు సీట్లలో కూర్చోబెడతాను. ఆ డబ్బు ఆలస్యమైనా ఇంటి ఖర్చు ఆగదు. ఇప్పటిదాకా అలా ఉంచిన నలుగురిలో ముగ్గురు ఏప్రిల్‌లోపు తేల్చేశారు. నాలుగో ఆయనకి ఆ ఏడు ధర పలకలేదు. జూన్‌లో చిన్నవాడిని చేర్చడానికి వచ్చినప్పుడు పాత బాకీ ఇచ్చి, "ఇంక నెలనెలా ఇస్తాలే అమ్మా, ఇది నాకే బరువైపోయింది" అన్నాడు.